ఎన్‌ఎంసీ సెల్‌కు 98, 160, 210 డిగ్రీలు: ఈ మూడింటిలో ఏది ఆన్‌సెట్?

ప్రశ్న: విద్యుత్ స్కూటర్లకు బ్యాటరీ ప్యాక్‌లు కట్టే చిన్న యూనిట్‌లో పని చేస్తున్నాను. సెల్ సరఫరాదారు ఇచ్చిన కాగితంలో నికెల్, మాంగనీస్, కోబాల్ట్ క్యాథోడ్ ఉన్న ఎన్‌ఎంసీకి థర్మల్ రనవే ఆన్‌సెట్, అంటే సెల్ అదుపు తప్పి వేడెక్కడం మొదలయ్యే ఉష్ణోగ్రత, 210 డిగ్రీలు, లిథియం ఐరన్ ఫాస్ఫేట్ క్యాథోడ్ ఉన్న ఎల్‌ఎఫ్‌పీకి 270 డిగ్రీలు అని ఉంది. అదే ఎన్‌ఎంసీ సెల్‌కు ఒక పరీక్షా కేంద్రం ఇచ్చిన నివేదికలో ఆన్‌సెట్ 98 అని రాశారు. మా ఓవెన్‌లో పెట్టి చూస్తే 160 దగ్గర పేలింది. వీటిలో ఏది నమ్మాలి? ఎల్‌ఎఫ్‌పీకి మారితే నిజంగా 60 డిగ్రీల లాభం ఉంటుందా?

సమాధానం:

మూడు సంఖ్యలూ నిజమే అయి ఉండవచ్చు. అవి కొలిచినవి మూడు వేర్వేరు విషయాలను. "ఆన్‌సెట్" అన్న ఒక్క మాటను ముగ్గురు మూడు అర్థాల్లో వాడడం వల్ల ఈ గందరగోళం వచ్చింది. కెలోరిమీటర్ల ముందు కూర్చుని చాలా ఏళ్లు గడిపిన నాకు కూడా, ఎవరైనా ఆన్‌సెట్ ఇంత అని చెప్పినప్పుడు, దేనితో కొలిచారని అడగందే ఆ సంఖ్యకు అర్థం తెలియదు.

సరఫరాదారు ఇచ్చిన 210తో మొదలుపెడదాం. ఇలాంటి సంఖ్య సాధారణంగా డీఎస్‌సీ అనే పరికరం నుంచి వస్తుంది. చార్జ్ చేసిన సెల్‌ను విప్పి, క్యాథోడ్ పొడిని కొన్ని మిల్లీగ్రాములు మాత్రమే తీసి, కాస్త ఎలక్ట్రోలైట్‌తో చిన్న గిన్నెలో మూసి, నిమిషానికి 5 లేదా 10 డిగ్రీల చొప్పున వేడి చేస్తారు. అందులో యానోడ్ ఉండదు, ఆ రెంటినీ వేరుగా ఉంచే సెపరేటర్ ఉండదు. పైగా అంత వేగంగా వేడి చేసినప్పుడు, తక్కువ ఉష్ణోగ్రతలో నెమ్మదిగా జరగవలసిన చర్యకు జరిగేంత సమయం దొరకదు. అదే పొడిని ఇంకా మెల్లగా వేడి చేస్తే గ్రాఫ్‌లోని శిఖరం కిందికి జరుగుతుంది. కాబట్టి 210 అన్నది క్యాథోడ్ పదార్థాన్ని ఇతర క్యాథోడ్ పదార్థాలతో పోల్చడానికి పనికొచ్చే సంఖ్య. సెల్ 210 దాకా భద్రంగా ఉంటుందని దానికి అర్థం కాదు.

98 వచ్చింది బహుశా ఏఆర్‌సీ నుంచి, అంటే యాక్సిలరేటింగ్ రేట్ కెలోరిమీటర్ నుంచి. అందులో పూర్తి సెల్‌ను పెట్టి, సాధారణంగా 5 డిగ్రీల చొప్పున ఉష్ణోగ్రతను పెంచి, ఆగి, సెల్ తనంతట తాను వేడెక్కుతోందా అని కనిపెట్టి చూస్తారు. నిమిషానికి 0.02 డిగ్రీలు దాటితే సెల్ స్వయంగా వేడెక్కడం మొదలైందని పరికరం గుర్తిస్తుంది. అక్కడి నుంచి చుట్టూ ఉన్న గోడల ఉష్ణోగ్రతను సెల్‌తో సమానంగా పెంచుతూ పోతుంది. అందువల్ల సెల్‌లో పుట్టిన వేడికి బయటికి పోయే దారే ఉండదు.

ఆ 0.02 డిగ్రీలు అంటే ఎంత వేడో ఒకసారి లెక్క వేద్దాం. 18650 అనే స్థూపాకారపు సెల్ బరువు సుమారు 45 గ్రాములు, దాన్ని ఒక డిగ్రీ వేడెక్కించడానికి సుమారు 43 జౌళ్లు కావాలి. నిమిషానికి 0.02 డిగ్రీల చొప్పున వేడెక్కడమంటే 14 మిల్లీవాట్లు. అదే సెల్‌ను ఓవెన్‌లో గాలి తగిలేలా నిలబెడితే, దాని ఉపరితలం సుమారు 42 చదరపు సెంటీమీటర్లు కాబట్టి, ఓవెన్ గాలికంటే ఎక్కువైన ప్రతి డిగ్రీకీ 42 మిల్లీవాట్ల దాకా బయటికి వదులుతుంది. అంటే ఏఆర్‌సీ ఆన్‌సెట్ అని గుర్తించిన వేడిని, మీ ఓవెన్‌లోని సెల్ గాలికంటే డిగ్రీలో మూడో వంతు వేడెక్కి సులువుగా వదిలించుకుంటుంది. మీ థర్మోకపుల్‌కు అది కనిపించనైనా కనిపించదు.

ఈ తొలి వేడి ఎక్కడ పుడుతుందన్నది ముఖ్యం, ఎందుకంటే దానికీ క్యాథోడ్‌కూ దాదాపు సంబంధం లేదు. చార్జ్ అయిన గ్రాఫైట్‌లోని లిథియం ఎలక్ట్రోలైట్‌ను తాకితే చర్య జరిపేస్తుంది. ఆ రెంటి మధ్య మొదటి చార్జింగులో ఏర్పడ్డ పలుచని ఎస్‌ఈఐ పొరే అడ్డుగా ఉంటుంది. 80 నుంచి 120 డిగ్రీల మధ్య ఈ పొరలోని అస్థిరమైన భాగాలు విడిపోవడం మొదలవుతుంది, కొద్దిగా వేడి వెలువడుతుంది. పొర తెగిన చోట లిథియం ఎలక్ట్రోలైట్‌ను తాకి ఇంకొంత వేడి పుడుతుంది. కానీ ఆ చర్యలోనే కొత్త పొర కూడా ఏర్పడుతుంది. విరగడం, మళ్లీ అతుక్కోవడం అన్న ఈ పెనుగులాట చాలా సేపు సాగుతుంది. ఎన్‌ఎంసీలోనూ, ఎల్‌ఎఫ్‌పీలోనూ యానోడ్ గ్రాఫైటే, ఎలక్ట్రోలైట్ కూడా ఇంచుమించు అదే కాబట్టి ఈ మొదటి దశ రెండింటిలోనూ దగ్గర దగ్గర ఉష్ణోగ్రతల్లోనే మొదలవుతుంది. మంచి ఎల్‌ఎఫ్‌పీ సెల్‌ను ఏఆర్‌సీలో పెట్టినప్పుడు కూడా ఆన్‌సెట్ 100కు అటూ ఇటూగా రావడం చూసి నిరాశపడేవారు ఉన్నారు. అందులో నిరాశపడవలసింది ఏమీ లేదు, అది యానోడ్ గొంతు.

ఇప్పుడు ఓవెన్ సంగతి. ఇలాంటి చర్యల వేగం ఉష్ణోగ్రతతో పాటు సరళరేఖలో పెరగదు. మోల్‌కు సుమారు 135 కిలోజౌళ్ల ఉత్తేజిత శక్తి ఉన్న చర్య అనుకుంటే, ఈ ఉష్ణోగ్రతల దగ్గర ప్రతి ఆరేడు డిగ్రీలకూ వేగం రెట్టింపవుతుంది. బయటికి పోయే వేడి మాత్రం సెల్‌కూ గాలికీ ఉన్న తేడాను బట్టి సరళరేఖలోనే పెరుగుతుంది. ఈ రెండు గీతలను ఒకే గ్రాఫ్ మీద గీస్తే, అవి తాకీ తాకనట్టు ఉండే ఒక చోటు వస్తుంది. ఆ చోటు దాటితే వేడి పుట్టే గీత ఎప్పటికీ పైనే ఉంటుంది. దీన్ని సెమెనోవ్ ఉష్ణ విస్ఫోటన సిద్ధాంతం అంటారు. దాని ప్రకారం, మనం తీసుకున్న సంఖ్యలకు, సెల్ తన పరిసరాల కంటే సుమారు 10 డిగ్రీలు ఎక్కువ వేడెక్కిందంటే వెనక్కి రాలేదు. 10 డిగ్రీల తేడాతో మన సెల్ వదలగలిగేది 0.42 వాట్లు. 98 దగ్గర 14 మిల్లీవాట్లు పుడుతున్నాయి కాబట్టి, 0.42 వాట్లు కావాలంటే 30 రెట్లు పెరగాలి. దానికి ఐదు రెట్టింపులు చాలు, అంటే మరో 30 డిగ్రీలు పైచిలుకు. ఈ లెక్కన ఓవెన్ 120 దగ్గర ఉండగానే సెల్ 130 చేరి, అదుపు తప్పాలి.

కానీ అలా జరగదు. మంచి సెల్ 130 డిగ్రీల ఓవెన్‌లో 10 నిమిషాలు నిలబడుతుంది, ప్రామాణిక పరీక్షలు అడిగేదీ అదే. మీ సెల్ 160 దాకా వెళ్లింది. లెక్క ఎక్కడ తప్పిందో చూస్తేనే అసలు విషయం తెలుస్తుంది. చర్య జరిపే పదార్థం తరగదని సెమెనోవ్ లెక్క అనుకుంటుంది, కానీ ఎస్‌ఈఐలోని అస్థిరమైన భాగం కొద్దిపాటిదే. అది అయిపోయాక, కొత్తగా మందంగా ఏర్పడిన పొర లిథియాన్ని మళ్లీ కొంత కాపాడుతుంది. అందుకే 130 లేదా 140 దగ్గర నిలిపిన ఓవెన్ పరీక్షలో సెల్ ఉష్ణోగ్రత గాలికంటే కొద్ది డిగ్రీలు పైకి పోయి, కాసేపు అక్కడ నిలిచి, మెల్లగా కిందికి దిగడం కనిపిస్తుంది. ఆ చిన్న మూపును మీ పాత రికార్డుల్లో వెతకండి, తప్పకుండా ఉంటుంది. అంటే తొలి దశ ఒంటరిగా సెల్‌ను చంపలేదు. తన వేడి అయిపోయేలోగా ఇంకొక చర్యకు కాగడా అందించగలిగితేనే సెల్ అదుపు తప్పుతుంది. కాగడా అందుకునేది ఎవరన్నది కెమిస్ట్రీ నిర్ణయిస్తుంది.

మధ్యలో సెపరేటర్ ఉంది. పాలిథిలీన్ సుమారు 130 నుంచి 135 మధ్య కరుగుతుంది, కరుగుతూ కొంత వేడిని పీల్చుకుంటుంది, తన రంధ్రాలను మూసేస్తుంది. పాలిప్రొపిలీన్ అయితే 165 దాకా నిలుస్తుంది. అది కూడా ముడుచుకుపోతే యానోడ్, క్యాథోడ్ నేరుగా తగిలి, నిల్వ ఉన్న విద్యుత్తంతా లోపలే వేడిగా మారుతుంది. 2.5 ఆంపియర్ అవర్ సెల్‌లో నిల్వ ఉండేది సుమారు 9 వాట్ అవర్లు, అంటే 32 కిలోజౌళ్లు. ఆ మొత్తం లోపలే వదిలితే సెల్ 700 డిగ్రీలకు పైగా వేడెక్కగలదు. అందుకే చాలాకాలం సెపరేటర్ కరగడమే రనవేకు అసలు కారణమని నమ్మేవారు. అయితే 2018లో చైనాలోని సింగ్‌హువా విశ్వవిద్యాలయం వారు, అధిక ఉష్ణోగ్రతలోనూ కుంచించుకుపోని సెపరేటర్ ఉన్న ఎన్‌ఎంసీ సెల్‌లో, లోపలి షార్ట్ లేకుండానే రనవే జరుగుతుందని చూపించారు. క్యాథోడ్ వదిలిన ఆక్సిజన్ యానోడ్ దాకా వెళ్లి అక్కడి లిథియంతో చర్య జరపడమే దానికి కారణం. సిరామిక్ పూత ఉన్న సెపరేటర్ వేసుకున్నాం కాబట్టి ధీమాగా ఉన్నామనేవారికి ఈ ఫలితం చెబుతుంటాను.

ఆ ఆక్సిజన్ ఎక్కడిది? ఎన్‌ఎంసీ పొరలు పొరలుగా ఉండే ఆక్సైడ్. చార్జ్ చేసినప్పుడు పొరల మధ్య నుంచి లిథియం బయటికి పోతుంది, నికెల్ ఎక్కువ ఆక్సీకరణ స్థితికి చేరుతుంది. ఆ స్థితిలో నికెల్‌కు స్థిమితం ఉండదు. కాస్త వేడి తగిలితే లోహ పరమాణువులు ఖాళీ అయిన లిథియం చోట్లలోకి జరిగి, పొరల నిర్మాణం స్పినెల్‌గానూ, తర్వాత ఉప్పు స్ఫటికం లాంటి నిర్మాణంగానూ మారుతుంది. ఆ నిర్మాణాల్లో అంత ఆక్సిజన్‌కు చోటు లేదు కాబట్టి మిగిలింది బయటికి వస్తుంది. నికెల్ వాటా పెరిగే కొద్దీ ఇది తక్కువ వేడికే మొదలవుతుంది. 2014లో అమెరికాలోని బ్రూక్‌హేవెన్ ప్రయోగశాల వారు చార్జ్ చేసిన పొడులను ఎక్స్‌రేల కింద వేడి చేసి చూసినప్పుడు, నికెల్, మాంగనీస్, కోబాల్ట్ 5:3:2 నిష్పత్తిలో ఉన్న ఎన్‌ఎంసీ 532లో ఈ మార్పు సుమారు 235 డిగ్రీల దగ్గర మొదలైతే, 811లో సుమారు 135 దగ్గరే మొదలైంది. రెండింటినీ మనం ఎన్‌ఎంసీ అనే ఒకే పేరుతో పిలుస్తున్నామని గుర్తుంచుకోండి. సరఫరాదారు కాగితంలో ఆ మూడు అంకెలు లేకపోతే "ఎన్‌ఎంసీ 210" అన్న వాక్యానికి విలువ లేదు.

ఎల్‌ఎఫ్‌పీలో ఆక్సిజన్ పరమాణువులు ఫాస్ఫరస్‌తో గట్టి బంధాలతో ఫాస్ఫేట్‌గా ముడిపడి ఉంటాయి. లిథియం మొత్తం పోయినా మిగిలేది ఐరన్ ఫాస్ఫేట్, అదీ స్థిరమైన పదార్థమే. సెల్ రనవేలో చేరే ఉష్ణోగ్రతల్లో అది చెప్పుకోదగ్గ ఆక్సిజన్‌ను ఇవ్వదు. యానోడ్ కాగడా అందించినా అవతల అందుకునే చేయి బలహీనంగా ఉంటుందన్న మాట.

ఇక మీ 60 డిగ్రీల లాభం. 2014లో ఆస్ట్రియాలోని గ్రాజ్ నగర పరిశోధకులు మూడు రకాల 18650 సెల్స్‌ను పూర్తిగా చార్జ్ చేసి, ఆర్గాన్ నింపిన మూసిన పాత్రలో ఒకే పద్ధతిలో వేడి చేశారు. కోబాల్ట్ ఆక్సైడ్, ఎన్‌ఎంసీ కలిపిన సెల్ 149 డిగ్రీల దగ్గర, ఎన్‌ఎంసీ సెల్ 168 దగ్గర, ఎల్‌ఎఫ్‌పీ సెల్ 195 దగ్గర రనవేలోకి వెళ్లాయి. అంటే పూర్తి సెల్ స్థాయిలో ఎన్‌ఎంసీకీ ఎల్‌ఎఫ్‌పీకీ తేడా 27 డిగ్రీలే. కాగితం మీది 60లో సగం కూడా లేదు. కానీ ఆ తర్వాత అవి చేరిన గరిష్ఠ ఉష్ణోగ్రతలు చూడండి: మొదటిది 853, ఎన్‌ఎంసీ 678, ఎల్‌ఎఫ్‌పీ 404. ఆ ఎల్‌ఎఫ్‌పీ సెల్ సామర్థ్యం కూడా తక్కువ కాబట్టి ఈ తేడా మొత్తం కెమిస్ట్రీ ఖాతాలోకే రాదు. అయినా ఎల్‌ఎఫ్‌పీ లాభం మొదలయ్యే చోట కంటే ముగిసే చోటే ఎక్కువగా ఉందన్నది స్పష్టం.

ప్యాక్ కట్టే మీకు అదే అసలు లాభం. ఒక మోటు లెక్క చూడండి. ఎండలో తిరిగి వచ్చిన స్కూటర్ ప్యాక్ 45 డిగ్రీల దగ్గర ఉందనుకుందాం. ఒక సెల్ పోయింది, దాని వేడిలో నాలుగో వంతు పక్కనే ఆనుకుని ఉన్న అదే రకం సెల్‌కు చేరిందనుకుందాం. ఎన్‌ఎంసీ సెల్ 45 నుంచి 678 దాకా 633 డిగ్రీలు పెరిగింది, అందులో నాలుగో వంతు 158. పొరుగు సెల్ 203 డిగ్రీలకు చేరుతుంది, దాని హద్దు 168 కాబట్టి అదీ పోతుంది, తన వేడిని ఆపై సెల్‌కు ఇస్తుంది. ఎల్‌ఎఫ్‌పీలో పెరుగుదల 359, నాలుగో వంతు 90, పొరుగు సెల్ 135 దగ్గర ఆగుతుంది. హద్దు 195. అది పాడవుతుంది, కానీ మంట అక్కడితో నిలిచే అవకాశం ఉంది. అయితే ఎల్‌ఎఫ్‌పీ సెల్‌కు ఇరువైపులా ఉన్న రెండు సెల్స్ ఒకేసారి పోతే అది 225కి చేరుతుంది, ఆ ధీమా అక్కడితో సరి. 2022 వేసవిలో విజయవాడ, నిజామాబాద్ ఇళ్లలో స్కూటర్ బ్యాటరీలు పేలి ప్రాణాలు పోయిన తర్వాత విద్యుత్ స్కూటర్ల బ్యాటరీ భద్రతా ప్రమాణమైన ఏఐఎస్ 156 సవరణల్లో ఒక సెల్ నుంచి మరొకదానికి వేడి పాకే పరీక్షను చేర్చడంలోని ఉద్దేశం ఇదే. సెల్ ఏ డిగ్రీ దగ్గర పోతుందన్న దాని కంటే, పోయాక పొరుగుకు ఎంత ఇస్తుందన్నది ప్యాక్‌కు పెద్ద ప్రశ్న.

ఓవెన్‌కు సంబంధించి ఒక హెచ్చరిక. సేఫ్టీ వెంట్ తెరుచుకున్నప్పుడు ఆవిరైన ద్రావకం ఒక్కసారిగా బయటికి పోయి సెల్ ఉష్ణోగ్రత కొన్ని డిగ్రీలు పడిపోతుంది. నేను పనిచేసిన ఒక ప్రయోగశాలలో కొత్తగా చేరిన ఒక టెక్నీషియన్, గ్రాఫ్‌లో ఆ పల్లాన్ని చూసి సెల్ చల్లబడిందనుకుని తలుపు తీయబోయాడు. పక్కనున్నవారు చెయ్యి పట్టుకుని ఆపారు, మరికొన్ని నిమిషాలకే సెల్ పేలింది. "టిక్" మన్న శబ్దం, తియ్యటి ద్రావకం వాసన, ఆ వెంటనే పల్లం, ఈ మూడూ వరుసగా వస్తే ముగింపు దగ్గర పడిందనే లెక్క. ఓల్టేజి అప్పటికే సున్నా చూపించినా నమ్మకండి. లోపల ఉన్న కరెంట్ ఇంటరప్ట్ డివైస్ విద్యుత్ దారిని తెంపినందువల్ల కూడా అలా కనిపిస్తుంది, శక్తి మాత్రం లోపలే ఉంటుంది.

ఎల్‌ఎఫ్‌పీకి మారేవారు మరచిపోయే విషయం ఇంకొకటి ఉంది. అది మండకపోయినా వాయువును వదులుతుంది. గ్రాజ్ పరీక్షలో ఎల్‌ఎఫ్‌పీ వదిలిన వాయువు ఎన్‌ఎంసీ వదిలినదానిలో మూడో వంతే, కానీ అందులో కూడా దాదాపు 30 శాతం హైడ్రోజన్. ఎన్‌ఎంసీ సెల్ తన వాయువును తానే చాలాసార్లు అంటించేస్తుంది. ఎల్‌ఎఫ్‌పీలో ఆ నిప్పు లేక వాయువు మూసిన పెట్టెలోనో గదిలోనో చేరుతూ, ఎక్కడో ఒక రిలే నిప్పురవ్వ కోసం ఎదురుచూస్తుంది. 2021 ఏప్రిల్ 16న బీజింగ్‌లోని ఒక ఎల్‌ఎఫ్‌పీ విద్యుత్ నిల్వ కేంద్రంలో ఇలా చేరిన వాయువు పేలి ఇద్దరు అగ్నిమాపక సిబ్బంది చనిపోయారు. ఎల్‌ఎఫ్‌పీ ప్యాక్‌కు వాయువు బయటికి పోయే దారి పెట్టడం ఎన్‌ఎంసీ ప్యాక్ కంటే తక్కువ అవసరమేమీ కాదు.

పై సంఖ్యలన్నీ కొత్త సెల్స్‌వి. చలిలో గానీ, పరిమితికి మించిన కరెంటుతో గానీ చార్జ్ చేసినప్పుడు గ్రాఫైట్ మీద లోహ లిథియం పేరుకుంటుంది. అది ఎలక్ట్రోలైట్‌తో ఇంకా తక్కువ ఉష్ణోగ్రతలోనే చర్య జరుపుతుంది, అప్పుడు తొలి దశ ఆన్‌సెట్ కొత్త సెల్ కంటే బాగా కిందికి వస్తుంది. ఈ రెండు కెమిస్ట్రీల్లోనూ యానోడ్ గ్రాఫైటే కాబట్టి ఎల్‌ఎఫ్‌పీకి ఇందులో మినహాయింపు లేదు. వాడిన సెల్స్‌ను తెచ్చి ప్యాక్‌లు కట్టే పని మీ దగ్గర ఉంటే, సరఫరాదారు కాగితాలు వాటికి వర్తించవు.

సరఫరాదారును ఈసారి ఇలా అడగండి: ఎన్‌ఎంసీ అయితే ఏ నిష్పత్తి, పరీక్ష పొడి మీదా పూర్తి సెల్ మీదా, సెల్ అయితే ఎంత శాతం చార్జ్ దగ్గర, నిమిషానికి ఎన్ని డిగ్రీల వేగంతో, స్వయంగా వేడెక్కడం మొదలైన ఉష్ణోగ్రత ఎంత, అదుపు తప్పిన ఉష్ణోగ్రత ఎంత, చేరిన గరిష్ఠ ఉష్ణోగ్రత ఎంత. మీ ఓవెన్‌లో 160 దగ్గర పేలిన సెల్ గ్రాఫ్ ఉంటే ఇక్కడ పెట్టండి. థర్మోకపుల్ సెల్ మీద ఉందా, గాలిలో ఉందా అన్నది కూడా రాయండి, ఎందుకంటే ఆ 160 ఎవరిదో తేలాల్సి ఉంది.